లిస్టులో నా పేరు ఉందండీ

అవునండీ, నిజమే. మెగా డీఎస్సీ 2025, ఉమ్మడి తూర్పు గోదావరి, ఎస్జీటీ టీచరు పోస్టు. పొద్దున్నుంచి ఫోన్లు ఎత్తలేకపోతున్నాను, అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఏమీ అనుకోకండి.

లిస్టులో నేనేమీ పైన లేను. కింద నుంచి వెతికితే నా పేరు తొందరగా దొరుకుతుంది. ఎస్జీటీ పేపర్లో 160 ప్రశ్నలు, 80 మార్కులు, అంటే ప్రశ్నకు అర మార్కు. ఒక్కొక్కరికి ఒక్కో షిఫ్టులో పరీక్ష కాబట్టి ఆ మార్కులకి నార్మలైజేషన్ చేసి, దానికి టెట్ వెయిటేజీ 20 కలిపి, చివరికి పాయింట్ల దగ్గర తేలుస్తారు. 2018 డీఎస్సీలో ఆ పాయింట్ల దగ్గరే నా పేరు బయట ఉండిపోయింది. ఈసారి అవే పాయింట్లు లోపలికి తోశాయి. అందుకని "నీ తెలివితేటలకి వచ్చిందమ్మా" అని ఎవరన్నా అంటే నాకు సిగ్గుగానే ఉంది.

ఫొటోలో ఎడమ పక్కన నీలం చీరలో ఉన్నది మా అమ్మ. నేను డీఎడ్‌లో చేరిన ఏడు అమ్మ కువైట్ వెళ్లింది. మా కోనసీమలో ఈ మాట చెబితే ఇంకేమీ విడమరిచి చెప్పక్కర్లేదు, వీధికో ఇల్లు ఉంటుంది అలాంటిది. అక్కడ వాళ్లింట్లో పని అయ్యేసరికి మనకి అర్ధరాత్రి దాటేది. అప్పుడు వీడియో కాల్ చేసి, "చదువుతున్నావా, పడుకున్నావా?" అని అడిగేది. పడుకున్నానంటే సంతోషించేది. నా ఫీజులు, తమ్ముడి ఐటీఐ, ఇంటి మీద రేకులు, అన్నీ ఆ డబ్బులే. నా పెళ్లి ఫొటోల్లో అమ్మ లేదు. ఈ ఫొటోలో ఉంది.

నాన్నది కౌలు వ్యవసాయం, లంకలో. 2022 జూలై వరదకి ఊరు ఖాళీ చేయమన్నప్పుడు నేను కాన్పుకి పుట్టింట్లోనే ఉన్నాను. నాన్న పడవలోకి ముందు నన్ను ఎక్కించి, తర్వాత బియ్యం బస్తా, ఆ తర్వాత నా పుస్తకాల సంచి ఎక్కించారు. టీవీ మాత్రం అటక మీదే వదిలేశారు. "అది మళ్లీ కొనుక్కోవచ్చు, నీ రాతపుస్తకాలు ఏ కొట్లో దొరుకుతాయి?" అన్నారు. నాన్న ఐదో తరగతితో ఆపేశారు, డీఎస్సీకి టెట్‌కి తేడా ఇప్పటికీ తెలియదు. ఎవరన్నా అడిగితే "మా అమ్మాయి పెద్ద పరీక్ష రాస్తందండి ఆయ్" అనేవారు. అన్నింటికీ అదే పేరు.

ఇక మా అత్తయ్య. మధ్యలో నవ్వుతున్నావిడ. టెట్ పాసయ్యాక కూడా వెయిటేజీ పెంచుకోవడానికి మళ్లీ రాస్తానంటే చాలామందికి అర్థం కాలేదు. పాసయ్యావు కదా, మళ్లీ ఎందుకు, ఎవడిక్కావాలి ఈ డబ్బులు అని. అత్తయ్య అడగలేదు. బాబుని చంకనేసుకుని పక్కింటికి వెళ్లిపోయేది, నాకు రెండు గంటలు దొరకాలని. పొరుగావిడ ఒకసారి "కోడలు ఇంకా చదువుతానే ఉందా?" అంటే, "మీ కోడలు టీవీ చూస్తానే ఉంది కదా, నేనేమన్నా అన్నానా" అందట. తర్వాత ఆవిడే మా ఇంటికొచ్చి చెప్పింది నవ్వుతూ.

పరీక్షకు ముందు అత్తయ్య అయినవిల్లి వెళ్లి వినాయకుడి దగ్గర పెన్ను పెట్టి తెచ్చారు. ఇది కంప్యూటర్ పరీక్ష అత్తయ్యా, మౌసుతో నొక్కడమే, అన్నాను. "లెక్కలు మౌసుతో చేస్తావేంటి, రఫ్ పేపర్ మీద చేస్తావు కదా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కరోనాలో బళ్లు మూసేసినప్పుడు నేను చెప్పే ప్రైవేటు స్కూల్లో జీతాలు ఆగిపోయాయి. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో లెక్కలు రాస్తారు, అక్కడా పని సగమే. ఇంట్లో కూర్చుని ఈనెలు గీసి చీపుర్లు కట్టాం ఇద్దరం. నేను గీస్తుంటే ఆయన ఫోన్లో సైకాలజీ బిట్లు చదివి అడిగేవారు. పియాజే దశలు ఇప్పటికీ నాకంటే ఆయనకే బాగా వచ్చు. "నువ్వు రాయకపోతే నేను రాస్తాను" అని వేళాకోళం. ఏవండీ, చదువుతున్నారా? థాంక్స్ చెప్తే మీకు నచ్చదని తెలుసు, అయినా చెప్తున్నాను.

మధ్యలో ఆగిపోయిన వాటి గురించి ఎక్కువ రాయను. 2019లో సచివాలయం పరీక్ష రాశాను, రాలేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, ఎన్నికల కోడ్‌తో ఆగింది, తర్వాత రద్దయింది. జూన్‌లో 16,347 పోస్టులన్నారు. నోటిఫికేషన్ చేతికొచ్చింది 2025 ఏప్రిల్ 20న. ఆ ఎదురుచూపులో చదవడం కష్టం కాదండీ, నమ్మడమే కష్టం. పుస్తకం మూసేస్తే మర్చిపోతాం, తెరిస్తే "దేనికి?" అనిపిస్తుంది. ఒక దశలో పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను. "ఏమైందమ్మా నీ ఉద్యోగం?" అని పలావు వడ్డిస్తూ అడిగేవాళ్లు. పాపం వాళ్లది ప్రేమే, నాకే ముద్ద దిగేది కాదు.

పరీక్ష రోజు సెంటర్ కాకినాడ అవతల పడింది. తెల్లారకుండానే మా ఆయన బండి మీద ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా వెళ్లాం. అంత టెన్షన్‌లోనూ వంతెన మీద ఇడ్లీ గురించి గొడవ పడ్డాం. తిని వెళ్లమని ఆయన, తింటే నిద్రొస్తుందని నేను. ఆయనే గెలిచారు.

ఇక ఈ పోస్టులో అన్నిటికంటే ముఖ్యమైన మాట. మేం నలుగురం అమలాపురంలో ఒకే గదిలో ఉండి కోచింగ్ తీసుకున్నాం. ఆ నలుగురిలో లెక్కలు అందరికంటే బాగా వచ్చిన అమ్మాయికి ఈసారి రాలేదు. భిన్నాలు, క్షేత్రమితి నాకు నేర్పింది తనే. నా లిస్టు చూసి మొదట ఫోన్ చేసింది కూడా తనే. పేరు పెట్టొద్దంది, అందుకే పెట్టట్లేదు. నన్ను ఆశీర్వదించేవాళ్లు ఆ పిల్లని కూడా ఒక్కసారి తలుచుకోండి.

ఇంకా రాని వాళ్లెవరూ నా పోస్టు చూసి నన్ను మోటివేషన్ అనుకోకండి, నేనిచ్చే సలహాలు కూడా ఏమీ లేవు. నా కంటే ఎక్కువ చదివినవాళ్లు ఉన్నారు, ఎక్కువ కష్టాలు పడ్డవాళ్లూ ఉన్నారు. నా వెనక ఇంతమంది నిలబడ్డారు, అందరికీ అది దొరకదు.

అన్నట్టు, పోస్టింగ్ ఎక్కడ పడుతుందో తెలియదు. కౌన్సెలింగ్ అయ్యాక చెప్తాను. ఏజెన్సీ పడినా సంతోషమే, బాబుని అత్తయ్య వదిలి ఉండగలరా అన్నదే మా ఇంట్లో ఇప్పుడు చర్చ.

నా దగ్గర మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా పాత టెక్స్ట్‌బుక్కులు, టెట్ నోట్సు ఉన్నాయి. లెక్కల పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇవ్వను, అవి మా స్నేహితురాలివి, ఆదివారం తీసుకెళ్లి ఇచ్చేస్తున్నాను. మిగతావి కావాల్సినవాళ్లు ఇంటికొచ్చి పట్టుకెళ్లండి. సాయంత్రం ఐదు తర్వాత రండి, టీ కూడా పెడతాను. స్వీట్లు మాత్రం అయిపోయాయి, పూతరేకులన్నీ నిన్న రాత్రే మా తమ్ముడు, వాడి స్నేహితులు ఖాళీ చేసేశారు.