ఘర్షణ: 8వ తరగతి భౌతికశాస్త్రం యూనిట్ టెస్టుకు లఘు సమాధానాలు

దేవరకొండ, అచ్చంపేట వైపు మన బడుల పిల్లల కోసం రాసినవి ఇవి. ఒక్క మార్కు ప్రశ్నకు ఒక వాక్యం చాలు, రెండు మార్కులదానికి కారణం కూడా రాయాలి. కారణం లేని ఉదాహరణకు సగం మార్కే వస్తుంది.

1. ఘర్షణ అంటే ఏమిటి? (1 మార్కు)
ఒకదానినొకటి తాకుతున్న రెండు తలాల మధ్య సాపేక్ష చలనాన్ని, లేదా కదలబోయే ప్రయత్నాన్ని, వ్యతిరేకించే బలమే ఘర్షణ. ప్రమాణం న్యూటన్. "సాపేక్ష" అన్న మాట వదిలెయ్యకండి. అది ఎందుకు కావాలో 8వ ప్రశ్నలో తెలుస్తుంది.

2. ఘర్షణ ఎందుకు కలుగుతుంది? (1)
ఎంత నునుపుగా కనిపించే తలం మీదైనా కంటికి కనపడని ఎగుడుదిగుళ్లు ఉంటాయి. రెండు తలాలు ఒత్తుకున్నప్పుడు ఇవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. వాటిని విడదీయడానికి బలం కావాలి.

3. ఘర్షణ రకాలను ఉదాహరణలతో రాయండి. (2)
స్థైతిక ఘర్షణ: వస్తువు ఇంకా కదలకముందు పనిచేసేది. బీరువాను నెట్టినా కదలకపోతే, మనం నెట్టిన బలానికి సమానమైన ఘర్షణ ఎదురుగా ఉన్నట్టే.
జారుడు ఘర్షణ: ఒక తలం మరో తలం మీద జారేటప్పుడు పనిచేసేది. ధాన్యం బస్తాను మిల్లు గచ్చు మీద లాగడం దీనికి ఉదాహరణ.
దొర్లుడు ఘర్షణ: చక్రం, డ్రమ్ము, గోలీ దొర్లేటప్పుడు ఉండేది.
ప్రవాహి ఘర్షణ: గాలి, నీరు, నూనె లాంటి ప్రవాహులు వాటిలో కదిలే వస్తువుపై చూపే నిరోధం.

4. ఒకే వస్తువుకు, ఒకే తలం మీద, మొదటి మూడు రకాలను తగ్గే క్రమంలో రాయండి. (1)
గరిష్ఠ స్థైతిక ఘర్షణ > జారుడు ఘర్షణ > దొర్లుడు ఘర్షణ. నిండు గ్యాస్ సిలిండరును ఈడ్చకుండా పక్కకు వంచి, అడుగు అంచు మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లడం అందుకే.

5. బల్లపై ఉన్న పెట్టెను 10 న్యూటన్లతో లాగితే కదల్లేదు, 20తో లాగినా కదల్లేదు, 30 దాటగానే కదిలింది. 20 న్యూటన్లతో లాగినప్పుడు ఘర్షణ ఎంత? (2)
20 న్యూటన్లు. పెట్టె కదల్లేదు కాబట్టి దానిపై ఫలిత బలం సున్నా, అంటే లాగిన బలమూ ఘర్షణా సమానం. చాలామంది 30 అని రాస్తారు. 30 దాని గరిష్ఠ పరిమితి మాత్రమే. స్థైతిక ఘర్షణ అవసరమైనంతే పుడుతుంది, పరిమితి దాటాక వస్తువు జారుతుంది. జారడం మొదలయ్యాక దాన్ని కదుపుతూ ఉండటానికి మొదట్లో పెట్టినంత బలం అక్కర్లేదు.

6. ఘర్షణ ఏయే అంశాలపై ఆధారపడుతుంది? (2)
మొదటిది తలాల స్వభావం. నాపరాయి నేల మీద నీళ్లు పడితే జారుతాం, గరుకు సిమెంటు మీద అంత సులువుగా జారం.
రెండోది అభిలంబ బలం, అంటే రెండు తలాలను ఒకదానికొకటి ఒత్తే బలం. ఖాళీ తోపుడు బల్లను ఒక్కరే జరుపుతారు, దాని మీద పుస్తకాల కట్టలు పెడితే ఇద్దరు కావాలి.

మన ఊళ్లల్లో దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుంటాడు. పైన ఆగి పని చేసేటప్పుడు వెనక్కి వాలతాడు. వాలినకొద్దీ మోకు చెట్టును గట్టిగా ఒత్తుతుంది, పాదాలు ముందు వైపు ఒత్తుతాయి. అభిలంబ బలం పెరగడంతో ఘర్షణ పెరిగి అతని బరువును మోస్తుంది. పైకి జరగాలంటే ముందుకు వంగి మోకును వదులు చేస్తాడు, ఘర్షణ తగ్గి మోకు సులువుగా పైకి జరుగుతుంది. వాన పడితే చెట్టు తడిసి తలం స్వభావమే మారుతుంది. వాలడం అదే, మోకు అదే, అయినా పట్టు తగ్గుతుంది. రెండు అంశాలూ ఒకే చోట కనపడుతున్నాయి కాబట్టి పరీక్షలో ఇదే రాయండి.

7. స్పర్శా వైశాల్యం పెరిగితే ఘర్షణ పెరుగుతుందా? (2)
పెరగదు. ఒకే ఇటుకను వెడల్పు వైపు పడుకోబెట్టి స్ప్రింగు త్రాసుతో లాగండి, తర్వాత సన్నని వైపు నిలబెట్టి లాగండి. రీడింగు దాదాపు ఒకటే వస్తుంది. ఇటుక బరువు మారలేదు, కనుక అభిలంబ బలమూ మారలేదు. వైశాల్యం తగ్గితే ప్రతి చదరపు సెంటీమీటరుపై ఒత్తిడి పెరిగి రెండూ సరిపోతాయి. ఇటుక అన్ని వైపులా ఒకేలా గరుకుగా ఉండాలన్నది షరతు. "ఎక్కువ తాకితే ఎక్కువ ఘర్షణ" అన్నది అందరికీ సహజంగా తోచే జవాబు, టెస్టులో తప్పు జవాబు కూడా అదే.

8. నడిచేటప్పుడు ఘర్షణ ఏ దిశలో పనిచేస్తుంది? (1)
ముందు దిశలో. పాదం నేలను వెనక్కి నెడుతుంది, అది వెనక్కి జారిపోకుండా ఘర్షణ ముందుకు పనిచేస్తుంది. ఘర్షణ వ్యతిరేకించేది పాదం జారడాన్ని, మనిషి నడవడాన్ని కాదు.

9. ప్రవాహి ఘర్షణ దేనిపై ఆధారపడుతుంది? (1)
వస్తువు వేగం, ఆకారం, ప్రవాహి స్వభావంపై. నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు వెళ్లే లాంచీకి ముందు భాగం కోసుగా ఉండేది నీటి నిరోధం తగ్గడానికే.

10. ఘర్షణ ఉపయోగాలు రెండు రాయండి. (2)
బ్రేకు వేస్తే బ్రేకు ప్యాడ్ చక్రాన్ని పట్టుకుంటుంది, టైరు రోడ్డును పట్టుకుంటుంది. రెండు చోట్లా ఘర్షణే బండిని ఆపుతుంది. అగ్గిపుల్ల గీస్తే ఘర్షణ వల్ల పుట్టిన వేడితో వెలుగుతుంది. సుద్దముక్కతో రాయడం, గోడలో మేకు నిలవడం, తాడు ముడి ఊడకపోవడం కూడా రాయవచ్చు.

11. నష్టాలు రెండు రాయండి. (2)
యంత్ర భాగాలు అరిగిపోతాయి. శక్తిలో కొంత వేడిగా మారి వృథా అవుతుంది, కాబట్టి ఇంధనమో కరెంటో ఎక్కువ ఖర్చవుతుంది. బోరు మోటారు బేరింగు పాడైతే మోటారు వేడెక్కేది ఇందుకే.
గద్వాల, పోచంపల్లి మగ్గాలపై పడుగు దారం అచ్చులో పదేపదే రాసుకుని తెగుతుంది. అందుకే ముందే గంజి పెట్టి దారాన్ని నునుపు చేస్తారు. ఇలా రాస్తే నష్టంతో పాటు నివారణ కూడా చెప్పినట్టే.

12. ఘర్షణను ఎలా తగ్గిస్తారు, ఎలా పెంచుతారు? (2)
తగ్గించడానికి: నూనె, గ్రీజు వంటి కందెనలు, బాల్ బేరింగులు (ఇవి జారుడు ఘర్షణను దొర్లుడు ఘర్షణగా మారుస్తాయి), పాలిష్, క్యారమ్ బోర్డు మీద పౌడరు.
పెంచడానికి: చెప్పుల అడుగున, టైర్లపై గాళ్లు, బురద రోడ్డుపై ఇసుక చల్లడం.

13. అరిగి నున్నబడ్డ టైరు తడి రోడ్డుపై ఎందుకు ప్రమాదం? (1)
గాళ్లు లేకపోతే టైరు కింది నీరు పక్కలకు పోయే దారి ఉండదు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలిచి కందెనలా పనిచేస్తుంది. ఘర్షణ తగ్గి, బ్రేకు వేసినా బండి జారుతుంది.