జన్యు పరీక్ష నివేదిక సారాంశం: బీటా థలసీమియా

గుంటూరుకు చెందిన 24 ఏళ్ల గర్భిణికి (9వ వారం) ప్రసూతి వైద్యుల సూచనపై చేసిన పరీక్ష ఫలితం ఇది. బీటా థలసీమియా అంటే శరీరంలో హిమోగ్లోబిన్ తగినంత తయారుకాని వంశపారంపర్య రక్త వ్యాధి. మీతో పాటు మీ భర్త కూడా దీనిని చదవాలి.

కనిపించిన మార్పు

హిమోగ్లోబిన్ తయారీకి అవసరమైన మీ HBB జన్యువు రెండు ప్రతులలో ఒకదానిలో c.92+5G>C అనే మార్పు ఉంది. రెండోది సాధారణంగా ఉంది. కొన్ని నివేదికలలో దీనినే IVS1-5 (G>C) అని రాస్తారు. భారతదేశంలో బీటా థలసీమియా కలిగించే మార్పులలో అత్యధికంగా కనిపించేది ఇదే. ఇది వ్యాధికారకమన్న విషయంలో సందేహం లేదు.

దీని అర్థం

మీరు థలసీమియా వాహకురాలు, అంటే మార్పు ఒక ప్రతిలోనే ఉంది; దీనినే థలసీమియా మైనర్ అంటారు. మీరు రోగి కారు, ముందుముందు ఇది పెద్ద వ్యాధిగా ముదరదు. హిమోగ్లోబిన్ 10.1 గ్రాములు, ఎర్రకణాల సగటు పరిమాణం 64, వాహకులలో పెరిగే హిమోగ్లోబిన్ ఏ2 రకం 5.4 శాతం ఉండటం ఈ ఫలితంతో సరిపోతోంది. శరీరంలో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ మీకు సాధారణంగానే ఉంది కనుక, ఐరన్ మాత్రలు వాడినా రక్తం పెరగకపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. అయితే గర్భంలో ఐరన్ అవసరం మారుతుంది కాబట్టి, మాత్రలు కొనసాగించాలో మానాలో మీ వైద్యులే నిర్ణయించాలి.

వంశపారంపర్యం

ఈ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో మీకు వచ్చి ఉంటుంది. మీ భర్త బీటా థలసీమియాకు గానీ, ఇతర హిమోగ్లోబిన్ లోపానికి గానీ వాహకుడు కాకపోతే, బిడ్డ మీలాగే వాహకంగా ఉండే అవకాశం సగం, అంతకు మించి ప్రమాదం లేదు. ఆయన కూడా బీటా థలసీమియా వాహకుడైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి తీవ్ర రూపమైన థలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది; ఆ బిడ్డకు సాధారణంగా మొదటి రెండేళ్లలోపే రక్తం ఎక్కించడం మొదలై, అది జీవితాంతం కొనసాగుతుంది. నలుగురిలో ఒకరికి వచ్చేస్తే మిగతా ముగ్గురూ క్షేమమని చాలామంది అనుకుంటారు కానీ, లెక్క ప్రతి గర్భానికీ మొదటి నుంచి మొదలవుతుంది.

మీది మేనరికం, మీ భర్త మీ మేనమామ కుమారుడు. మార్పు మీ తల్లిగారి వైపు నుంచి వచ్చి ఉంటే, అది మీ మేనమామకు ఉండే అవకాశం సగం, మీ భర్తకు ఉండే అవకాశం నాలుగో వంతు. ఇందులో ఒకరి తప్పంటూ ఏమీ లేదు. పుట్టింటి వారిదా, అత్తింటి వారిదా అన్న చర్చ ఇక్కడ అర్థం లేనిది.

కుటుంబ సభ్యులకు పరీక్షలు

మీ భర్తకు ఈ వారంలోనే రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. అందులో హిమోగ్లోబిన్ ఈ, ఎస్ వంటి అసాధారణ రకాలు బయటపడినా బిడ్డకు ప్రమాదం ఉండవచ్చు కనుక ఆ పరీక్షను తప్పించి నేరుగా జన్యు పరీక్షకు వెళ్లవద్దు. ఆయన వాహకుడని తేలితే, 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న నమూనా తీసి బిడ్డ స్థితి తెలుసుకునే వీలుంది. ఆ గడువు కోసమే ఇంత తొందర. చేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయం మీ ఇద్దరిది, దానికి ముందు జన్యు సలహాదారుతో మాట్లాడండి.

మీ తల్లిదండ్రులకు, పెళ్లి కావలసిన మీ చెల్లెలికి కూడా ముందు హెచ్‌పీఎల్‌సీ చాలు. చెల్లెలికి సంబంధాలు చూసేలోపే ఇది పూర్తయితే మంచిది. ఆమె వాహకురాలైనా పెళ్లికి అడ్డు కాదు, వరుడికీ అదే పరీక్ష చేయిస్తే సరిపోతుంది.