మొలతాడుకు కట్టిన తాళంచెవి

గుంటూరు బ్రాడీపేటలోని ఇంటి వసారాలో, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో పెదనాన్న పడుకొని ఉండగా, బంధువుల దుఃఖమంతా బీరువా తాళంచెవి ఎక్కడుందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. శవానికి స్నానం చేయించేటప్పుడు అది ఆయన మొలతాడుకే కట్టి కనిపించింది. ముడి బిగిసిపోవడంతో బాబాయి కత్తిపీట తెమ్మన్నాడు. పురోహితుడు కళ్లు మూసుకున్నాడు.

బీరువాలో రెండే కాగితాలున్నాయి. మొదటిది కోల్డ్ స్టోరేజీలో దాచిన నలభై మిర్చి టిక్కీల రసీదు. అందులోని పేరు మాత్రం తెనాలిలోని ఒక స్త్రీది. రెండవది బాబాయి రాసిచ్చిన ప్రాంసరీ నోటు. అప్పటిదాకా "అన్నయ్యా, నన్ను వదిలి వెళ్లిపోయావా" అని గుండెలు బాదుకున్న ఆయన, నోటుకు మూడేళ్ల గడువు తీరడానికి ఇంకా నాలుగు రోజులుందని వేళ్ల మీద లెక్కగట్టి, "పదకొండో రోజు దాకా డబ్బు మాట ఎత్తడం అశుభం" అని కన్నీళ్లతోనే అందరికీ చెప్పాడు.

అంతలో తెనాలి ఆమె పదేళ్ల పిల్లవాడితో గుమ్మంలోకి వచ్చింది. వాడి ఎడమ చెవి అంచున, అచ్చం పెదనాన్నకున్నట్టే, చిన్న నొక్కు ఉంది. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె ఓర్పును మేము ఎంత తక్కువగా అంచనా వేశామో!

"వాడి అన్నప్రాశనకు వెండి గిన్నె కొన్నది నేనే. లోపలికి రానివ్వండి. ఏమయ్యా, ఆ నోటు ఇలా ఇవ్వు. రేపు పొద్దున్నే ప్లీడరు దగ్గరకు వెళ్లాలి."

బాబాయి మళ్లీ ఏడుపు అందుకున్నాడు. ఈసారి అది నిజమైన ఏడుపు.