మీరు రాకపోతే ఏమయ్యేదో

రమ్యా, కిరణ్, లక్ష్మక్కా, ముగ్గురికీ కలిపే రాస్తున్నా, ఏమనుకోకండి.

భోగి ముందు రోజు సాయంత్రం మీరు వచ్చేసరికి ఇల్లు ఎలా ఉందో చూశారుగా, హాల్లో సగం అట్టపెట్టెలు, కొలువు మెట్లకి బల్లలే దొరకలేదు, మర్నాడు పాపకి భోగిపళ్లు, పేరంటానికేమో ముప్పై మందిని పిలిచి కూర్చున్నాను. టెన్షన్‌తో నాకు ఏడుపొక్కటే తక్కువ.

కిరణ్, నువ్వు పూర్ణా మార్కెట్ నుంచి ఆ రెండు సంచుల బంతిపూలు స్కూటర్ మీద ఎలా తెచ్చావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదురా. బాల్కనీలో కట్టిన తోరణం సముద్రం గాలికి రెండుసార్లు ఊడి పడితే, మూడోసారి రమ్య పురికొస తీసేసి బైండింగ్ తీగతో గ్రిల్‌కి బిగించింది చూడు, అది ఇవాళ్టికీ కదల్లేదు. పూలు వాడిపోయాయి, తోరణం మాత్రం అలాగే ఉంది!

అక్కా, నీ ముగ్గు గురించి వేరే చెప్పాలి. రాత్రి పదకొండింటికి లిఫ్ట్ ముందు కూర్చుని, నడుం నొప్పి అంటూనే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టావు. మా అత్తగారు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపారు, నేనే వేశాననుకుని మెచ్చుకుంటున్నారు, నేనూ కాదనలేదు.

చాలా థాంక్స్. అరిసెలు, జంతికలు డబ్బాల్లో పెట్టి ఉంచా, ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి. రమ్యా, నీ కత్తెర కూడా ఇక్కడే ఉంది.

మీ సుధ