పాతపట్నంలో లేపలేదు

దుకాణం తొమ్మిదింటికే మూసినా అప్పారావు ఇల్లు చేరేది పదిన్నరకు. పర్లాకిమిడి ఎంత ఊరని! పక్క రాష్ట్రంలోని పాతపట్నం వెళ్లి టీ తాగి వచ్చినా అంతసేపు పట్టదు.

ఆ సమయమంతా మహేంద్రతనయ ఒడ్డున కారు ఆపి, అద్దాలు ఎత్తి, పాటలు గట్టిగా పెట్టుకుని ఏడుస్తాడు. శ్మశానంలో ఏడవలేదు. ఏడ్చి ఉంటే బంధువులు ఓదార్చి వదిలేసేవారు. ఏడవనందుకు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పుడు పద్నాలుగేళ్ల కొడుకు ముందు కూడా మోయాల్సి వస్తోంది.

ఆ రాత్రి అద్దంలో జగ్గు కనిపించాడు. సైకిలు స్టాండు వేసి, కారుకు వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పారావు గబగబా ముఖం తుడుచుకుని పాటలు ఆపాడు. తాళం తిప్పబోతుంటే ఎవరో వచ్చి ఒడియాలో పలకరించారు. కిరాణా బాకీ ఉన్న పాణిగ్రాహి గొంతు.

"నాన్న ఫోనులో ఉన్నారు. చాలాసేపు పడుతుంది. రేపు దుకాణానికి రండి," అని వాడూ ఒడియాలోనే చెప్పి పంపేశాడు. తడుముకోలేదు. ఈ అబద్ధం వాడికి కొత్త కాదు.

అప్పారావు తాళం మీది చెయ్యి తీసేసి, అవతలి తలుపు తెరిచాడు. సీటు ఇంకా వెనక్కి వాలే ఉంది. జగ్గు దాన్ని సరిచేయకుండా అంచున కూర్చున్నాడు. తండ్రి ముఖం తిప్పుకోలేదు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు.

"డయాలసిస్ అయ్యాక దారంతా పడుకునేదిరా మీ అమ్మ. పాతపట్నం రాగానే లేపమనేది. జుట్టు సరిచేసుకోకుండా మన ఊళ్లో అడుగుపెట్టనని..." గొంతు పట్టేసింది. "ఆ రోజు లేపలేదు. అలసిపోయింది, పడుకోనీ అనుకున్నాను. ఇంటి దగ్గర లేపితే..."

ఏడుపు ఇక అతని చేతిలో లేదు. స్టీరింగు మీద తల పెట్టేశాడు. వాడు భయపడతాడేమో అన్న ఆలోచన వచ్చింది కానీ ఆగడం కుదరలేదు.

"నేనైనా లేపేవాణ్ణి కాదు, నాన్నా," అన్నాడు జగ్గు. వాడి గొంతూ బాగా లేదు.

కొంతసేపటికి అడిగాడు. "ఆ రోజు వెళ్లేటప్పుడు ఏం మాట్లాడింది?"

"నీ గురించే. ఒడియా వ్యాసంలో మొదటి మార్కు నీదేనని అక్కడి నర్సుకు చెప్పింది. తెలుగు ఒక్క ముక్క రాయడం రాదని నాకు చెప్పింది."

"వచ్చు. దుకాణం బోర్డు చదువుతాను కదా!"

"చదవడం కాదురా, రాయడం," అన్నాడు అప్పారావు, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ.