ఫోటోలు రావట్లేదన్న తాతయ్యకి

తాతయ్యా, టెన్షన్ పడకండి, మీ వల్ల ఏదీ పాడవలేదు. కళ్లజోడు పెట్టుకుని చూసి, ఒక్కో మాటలో చెప్పండి చాలు.

వాట్సాప్‌లో పాప ఫోటో మసగ్గా ఉందా, అసలు రాలేదా?

మసగ్గా ఉంటే, దాని మీద కిందికి చూసే బాణం ఉందా, లేదా? ఉంటే ఒక్కసారి తాకి వేలు తీసేయండి. నొక్కిపట్టి ఉంచొద్దు, వేరే మెనూ వచ్చేస్తుంది. కాసేపు ఆగండి. ఫోటో తెరుచుకుందా, లేదా?

తెరుచుకోకపోతే ఫోన్ పైఅంచు చూడండి. అక్కడ 4G ఉందా, 5G ఉందా, విమానం బొమ్మ ఉందా?

"తెలీదు" అన్నా నాకు పనికొస్తుంది. ఈలోగా ఎవరైనా బాగుచేస్తామంటూ ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకండి. సాయంత్రం ఏడింటికి నేనే ఫోన్ చేస్తాను.