రమేష్ గారి బాకీ: వాట్సాప్‌లో నువ్వు రాసినవి, వాటి బదులు పంపాల్సినవి

గుంటూరు, 14-10-2025

చిన్నా,

నువ్వు పంపిన చాట్ మొత్తం రాత్రి కూర్చుని చదివాను. ఎక్కడా మర్యాద తప్పలేదు, అది నాకు నచ్చింది. కానీ ఏ పనికి ఎంత, ఎంత ముట్టింది, మిగతాది ఎప్పటికి కావాలి అన్నది ఒక్కచోటా కనబడలేదు. మా యార్డులో రైతుకిచ్చే తక్‌పట్టీ నువ్వూ చూశావు. బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, ఏ కోత ఎందుకు, చివరికి చేతికెంత. అందులో బతిమాలుడూ ఉండదు, దురుసుతనమూ ఉండదు. నీ కాగితమూ అలాగే ఉండాలని ఇవి తిరగరాశాను. మెయిల్‌లో పంపి, వాట్సాప్‌లో "మెయిల్ పంపాను అన్నా, చూడండి" అని ఒక్క ముక్క పెట్టు. ఆ "అన్నా" అక్కడ ఉంటే చాలు.

సెప్టెంబర్ 20న నువ్వు పెట్టింది:

"అన్నా నమస్తే అన్నా. అంతా కలిపి 38900 అయింది అన్నా. 10 ఇచ్చారుగా. మిగతాది చూడండి అన్నా 🙏"

దాని బదులు ఇది. పాత తేదీ వేయడం తప్పు, అందుకే ఇవాళ్టి తేదీనే వేసి, పని అప్పగించిన తేదీ విడిగా రాశాను.

---

విషయం: దసరా ప్రచార డిజైన్ల బిల్లు, నంబరు 2025-26/07

రమేష్ గారికి నమస్కారం.

బీసెంట్ రోడ్డులోని మీ చీరల షాపు దసరా ప్రచారం కోసం చేసిన డిజైన్లన్నీ 18-09-2025న మీకు అప్పగించాను. "బాగున్నాయి, ప్రింటింగ్‌కి ఇచ్చేశాం" అని మీరు అదే రోజు సాయంత్రం తెలియజేశారు. ఆ పని వివరాలు ఇవి.

క్యాటలాగ్, 24 పేజీలు, పేజీకి రూ. 900: రూ. 21,600
ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు 18, ఒక్కోటి రూ. 600: రూ. 10,800
ఫ్లెక్సీ డిజైన్లు 2, ఒక్కోటి రూ. 2,500: రూ. 5,000
ధరలు మారినందున తిరిగి చేసిన పోస్టులు 5, ఒక్కోటి రూ. 300: రూ. 1,500
మొత్తం: రూ. 38,900

04-09-2025న అడ్వాన్సుగా రూ. 10,000, 09-10-2025న రూ. 5,000 యూపీఐ ద్వారా ముట్టాయి. రావాల్సిన బాకీ రూ. 23,900 (ఇరవై మూడు వేల తొమ్మిది వందల రూపాయలు).

ఈ మొత్తాన్ని 24-10-2025లోగా జమ చేయగలరు. పాన్, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వివరాలు జతచేసిన బిల్లు కింద ఉన్నాయి.

ఇట్లు,
కిరణ్
గ్రాఫిక్ డిజైనర్, పటమట, విజయవాడ

---

ఆ ఐదు పోస్టుల సంగతి మర్చిపోకు. చాట్‌లో ఆయన "రేట్లు మార్చు తమ్ముడూ, ఎగస్ట్రా ఇస్తాలే" అన్నారు, నువ్వు 300 చెబితే బొటనవేలు బొమ్మ పెట్టారు. దాన్నీ, "ప్రింటింగ్‌కి ఇచ్చేశాం" అన్న మెసేజ్‌నీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకో. పని నచ్చి తీసుకున్నారనడానికి నీ దగ్గరున్న రుజువు అదే.

ఇక వాళ్ళ అకౌంటెంట్ "జీఎస్టీ బిల్లు కావాలి" అన్నప్పుడు నువ్వు "అది లేదన్నా, ఏం చేయాలో తెలీదు" అన్నావు. తెలీదు అనాల్సిన పని లేదు. ఇలా పంపు:

"అకౌంట్స్ విభాగం వారికి నమస్కారం. నా వార్షిక ఆదాయం సేవలకు వర్తించే రూ. 20 లక్షల పరిమితి లోపే ఉంది. అందువల్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోలేదు, బిల్లులో జీఎస్టీ వేయలేదు. టీడీఎస్ కోయాల్సి ఉంటే ఏ సెక్షన్ కింద ఎంత కోశారో తెలిపి, తర్వాత ఫారం 16ఏ ఇప్పించగలరు."

టీడీఎస్ కోశారని కంగారు పడకు. నీ పాన్ మీద కట్టారా లేదా అన్నది ఆదాయపు పన్ను సైటులోని 26ఏఎస్ పట్టికలో కనబడుతుంది, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

అక్టోబర్ 6 నాటి మెసేజ్ చదివినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. "అన్నా రూమ్ అద్దె కట్టాలి, కొంచెం సర్దండి అన్నా" అన్నావు. సర్దమని అడిగేది చేబదులు. ఇది నువ్వు రాత్రుళ్ళు మేలుకుని చేసిన పనికి రావాల్సిన డబ్బు. నీ అద్దె సంగతి నాకు చెప్పు, ఆయనకొద్దు. మూడు రోజులకు 5,000 వచ్చినప్పుడు "వచ్చాయన్నా థాంక్యూ" అని ఊరుకున్నావు. ఇక ముందు డబ్బు ఎప్పుడు ముట్టినా ఇలా రాయి:

"09-10-2025న మీరు పంపిన రూ. 5,000 ముట్టాయి, ధన్యవాదాలు. దీన్ని దసరా పని మొత్తం రూ. 38,900లో జమ వేసుకున్నాను. ఇంకా రావాల్సింది రూ. 23,900."

నిన్న ఆయన పెట్టింది అన్నింటికన్నా ముఖ్యం: "రౌండ్ చేసి 20 వేస్తాలే. దీపావళి పోస్టులు 8 మొదలెట్టు." నువ్వు "సరే అన్నా మీ ఇష్టం" అని టైప్ చేసి, పంపకుండా నాకు ఫోన్ చేశావు. మంచి పని చేశావు. జవాబు ఇది:

---

విషయం: బిల్లు 2025-26/07 బాకీ, దీపావళి పని

రమేష్ గారికి నమస్కారం.

దీపావళి పనికి కూడా నన్నే అడిగినందుకు సంతోషం.

దసరా బిల్లు మనం ముందుగా అనుకున్న రేట్ల ప్రకారమే వేశాను, కాబట్టి అందులో తగ్గించడం వీలుకాదు. ఒకేసారి కట్టడం ఇబ్బందైతే 24-10-2025లోగా రూ. 12,000, 05-11-2025లోగా రూ. 11,900 చొప్పున రెండు విడతల్లో ఇవ్వవచ్చు.

దీపావళి పోస్టులు 8, ఒక్కోటి రూ. 600 చొప్పున రూ. 4,800 అవుతుంది. పండుగ 20వ తేదీన కాబట్టి, సగం అడ్వాన్సు రూ. 2,400 రేపటిలోగా అందితే 18వ తేదీ సాయంత్రానికి అన్నీ మీ చేతిలో ఉంటాయి. ధరలు, ఫొటోలు ఒకేసారి ఖరారు చేసి పంపగలరు. ఆ తర్వాత చేసే మార్పులకు పోస్టుకు రూ. 300 అవుతుంది.

మీ అంగీకారం ఈ మెయిల్‌కు జవాబుగా తెలపగలరు.

ఇట్లు,
కిరణ్

---

ఈ ఆఖరిది డ్రాఫ్ట్‌గా దాచుకో. 5వ తేదీ దాటినా డబ్బు రాకపోతేనే, అదీ నాకు చెప్పాకే పంపు.

---

విషయం: బిల్లు 2025-26/07, గడువు దాటిన బాకీ

రమేష్ గారికి నమస్కారం.

18-09-2025న అప్పగించిన పనికి సంబంధించిన రూ. 23,900 రెండు విడతల గడువులు దాటినా అందలేదు. పని విషయంలో మీ నుంచి అభ్యంతరమేదీ రాలేదు.

పని మొదలుకాక ముందు నుంచే నాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006, సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది.

12-11-2025లోగా అసలు మొత్తం అందితే నేను వడ్డీ అడగను. అందకపోతే సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాల్సి వస్తుంది.

ఇట్లు,
కిరణ్

---

ఆ చట్టం సంగతి ఇప్పటి ఉత్తరాల్లో ఎక్కడా ఎత్తకు. ఆయన ఎగ్గొట్టే మనిషిలా నాకు అనిపించలేదు. పండగ అమ్మకాల హడావిడిలో చిన్న బాకీలు వెనక్కి నెట్టే అలవాటు మా యార్డు షావుకార్లలోనూ చూస్తూనే ఉన్నాను. వాళ్ళ అకౌంటెంట్‌కి మాత్రం ఆదాయపు పన్ను సెక్షన్ 43బి(హెచ్) తెలిసే ఉంటుంది. నీలాంటి వాళ్ళకి గడువు దాటిన బాకీ మార్చి 31లోగా తీర్చకపోతే, ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోవడం కుదరదు. ఆయనే గుర్తుచేయొచ్చు.

మొదటి ఉత్తరం ఇవాళ పది గంటలకల్లా పంపు, కొట్టు తెరిచి కాస్త తీరుబడిగా ఉండే వేళ. దీపావళి జవాబు మధ్యాహ్నం పంపు. అడ్వాన్సు పడే వరకు ఒక్క పోస్టు కూడా మొదలెట్టకు. అద్దెకి 4,000 నీ ఖాతాలో వేశాను.

అక్క